నిద్రమాత్ర వేసుకున్నాక పట్టే నిద్రలో మాత్ర వాటా ఎంత? అపోహలు - వాస్తవాలు

అపోహ: "మాత్రకు ముందు గంటా ఇరవై నిమిషాలు దొర్లేవాణ్ని. ఇప్పుడు నలభై నిమిషాల లోపే పడుతోంది. ఆ తేడా అంతా మాత్ర చలవే."

వాస్తవం: ఆ తేడాలో మాత్రది ఒక వాటా మాత్రమే. జోల్పిడెమ్, జాలెప్లాన్, ఎస్‌జోపిక్లోన్ మాత్రల అనుమతి కోసం కంపెనీలు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు సమర్పించిన 13 పరీక్షలను కలిపి చేసిన విశ్లేషణ 2012లో వైద్య పత్రిక బీఎమ్‌జేలో వచ్చింది. అందులో నాలుగు వేలకు పైగా రోగులున్నారు. ప్రచురణకు నోచుకోని ఫలితాలు కూడా ఎఫ్‌డీఏ దగ్గర ఉంటాయి కాబట్టి, పత్రికల్లో కనిపించే వాటికన్నా ఈ లెక్క నమ్మదగినది. మెదడు తరంగాలను నమోదు చేసే పాలీసోమ్నోగ్రఫీతో కొలిస్తే, ప్లాసిబో, అంటే మందే లేని మాత్ర, వేసుకున్నవారికన్నా అసలు మాత్ర వేసుకున్నవారికి నిద్ర సగటున 22 నిమిషాలు ముందుగా పట్టింది. మాత్ర తీసుకున్నవారిలో కనిపించిన మెరుగుదలలో దాదాపు సగం ప్లాసిబో తీసుకున్నవారిలోనూ కనిపించింది.

దీన్ని ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. పరీక్షలో చేరేటప్పుడు రెండు గుంపుల్లోనూ నిద్ర పట్టడానికి సగటున 80 నిమిషాలు పడుతోంది. కొన్ని వారాల తర్వాత ప్లాసిబో గుంపులో అది 60కి, మాత్ర గుంపులో 38కి దిగింది. మాత్ర వేసుకున్న మనిషికి తెలిసేది 80 నుంచి 38కి వచ్చిందనే. అంటే 42 నిమిషాల లాభం. అందులో 20 నిమిషాలు మందు లేకపోయినా వచ్చేవి. మందు అదనంగా ఇచ్చింది 22 నిమిషాలు. తనను తాను పోల్చుకోవడానికి మనిషి దగ్గర ప్లాసిబో గుంపు ఉండదు. అందుకే ఎంత నిజాయితీగా చెప్పినా, 42 నిమిషాలనూ మాత్ర ఖాతాలోనే వేస్తాడు.

అపోహ: "ప్లాసిబోతో నిద్ర పట్టిందంటే వాళ్లకు నిజంగా నిద్రలేమి లేదన్నమాట."

వాస్తవం: ఆ 20 నిమిషాలను "మనసు చేసిన మాయ" అనేస్తే పొరపాటు. అందులో కనీసం మూడు వేర్వేరు విషయాలు కలిసి ఉంటాయి.

మొదటిది కేవలం గణితం. నిద్ర రోజూ ఒకేలా ఉండదు, నిద్రలేమి ఉన్నవారిలో ఈ హెచ్చుతగ్గులు ఇంకా ఎక్కువ. మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్లేది బాగా పాడైన రోజుల్లోనే. పైగా పరీక్షలో చేర్చుకోవడానికి "నిద్ర పట్టడానికి కనీసం ఇన్ని నిమిషాలు పట్టాలి" అనే నిబంధన ఉంటుంది. కాబట్టి చేరే సమయానికి చాలామంది తమ తమ చెడ్డ దశలో ఉంటారు. ఏమీ చేయకపోయినా తర్వాతి వారాల్లో వాళ్లు తమ మామూలు సగటు వైపు వస్తారు. దీనికి తోడు ప్రయోగశాలలో మొదటి రాత్రి తలకు తీగలు, కొత్త మంచం వల్ల ఎవరికైనా నిద్ర చెడుతుంది. ఆ రాత్రిని ప్రారంభ కొలతగా తీసుకుంటే తర్వాతి రాత్రులన్నీ బాగుపడ్డట్టే కనిపిస్తాయి.

రెండోది దినచర్య. పరీక్షలో ఉన్నవారు రోజూ ఒకే వేళకు పడుకోవాలి, నిద్ర డైరీ రాయాలి, మద్యం మానాలి, కాఫీ తగ్గించాలి. ఇవన్నీ నిద్రకు మేలు చేసేవే. ప్లాసిబో గుంపుకు మందు అందకపోయినా ఇవి అందుతాయి.

మూడోది నిజమైన ప్లాసిబో స్పందన. నిద్ర కోసం ప్రయత్నిస్తున్నకొద్దీ అది దూరమవుతుంది. "ఈ రాత్రీ పట్టదేమో" అన్న భయమే మెలకువను నిలబెడుతుంది. మాత్ర వేసుకున్నానన్న నమ్మకంతో ఆ కాపలా సడలుతుంది. ఏ చికిత్సా లేనివారితో ప్లాసిబో వాడినవారిని పోల్చిన పరీక్షల్లో, త్వరగా నిద్ర పట్టిందని, ఎక్కువసేపు నిద్రపోయామని ప్లాసిబో వాడినవారే ఎక్కువగా చెప్పారు. ఇందులో బూటకమేమీ లేదు. నిద్రలేమిని పట్టి ఉంచే ఆందోళన మీదే ప్లాసిబో పనిచేస్తోంది.

అపోహ: "ఉదయం లేచి హాయిగా పడుకున్నాననిపిస్తే మాత్ర బాగా పనిచేసినట్టే."

వాస్తవం: ఇక్కడ ఒక చిక్కుంది. బెంజోడయాజెపైన్లు అనే పాత రకం నిద్రమాత్రలు, జోల్పిడెమ్ లాంటివి కొత్త జ్ఞాపకాలు ఏర్పడకుండా అడ్డుపడతాయి. రాత్రి రెండుసార్లు మెలకువ వచ్చినా ఉదయానికి గుర్తుండకపోవచ్చు. డైరీలో "ఒక్కసారీ మెలకువ రాలేదు" అని రాసినా, యంత్రం వేరే చెప్పవచ్చు. మరోవైపు నిద్రలేమి ఉన్నవారు మామూలుగా తాము మేలుకున్న సమయాన్ని ఎక్కువగా అంచనా వేస్తారు. అందుకే మంచి పరీక్షలో డైరీనీ, పాలీసోమ్నోగ్రఫీనీ రెండింటినీ చూస్తారు. ఏ అంకె చదివినా అది దేనితో కొలిచిందో ముందు చూసుకోవాలి.

అపోహ: "మానేసి చూశాను, రెండు రాత్రులూ కంటి మీద కునుకు లేదు. అంటే ఇన్నాళ్లూ నిద్రపుచ్చింది మాత్రే."

వాస్తవం: మా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువమందిని మాత్రకు కట్టిపడేసే అపోహ ఇదే. అలవాటైన మాత్రను ఒక్కసారిగా ఆపితే నిద్ర పాత స్థితికన్నా కిందికి జారవచ్చు. దీన్ని రీబౌండ్ ఇన్‌సోమ్నియా అంటారు. పై ఉదాహరణలోని మనిషికి మానేసిన రాత్రి 110 నిమిషాలు పట్టిందనుకోండి. 110 నుంచి 38 తీసేసి మాత్ర విలువ 72 నిమిషాలని లెక్కేస్తాడు. నిజానికి 80 దాటిన ఆ 30 నిమిషాలు మాత్ర ఆపడం వల్ల పుట్టినవి, అతని నిద్రలేమికి కొలత కావు. పోల్చవలసింది మాత్ర మొదలుపెట్టకముందటి రాత్రులతో.

అందుకే మాత్ర ఇంకా మొదలుపెట్టనివారు ముందు 14 రాత్రులు డైరీ రాయడం మేలు. పడుకున్న వేళ, సుమారుగా నిద్ర పట్టడానికి పట్టిన సమయం, మెలకువలు, లేచిన వేళ చాలు. ఉదయాన్నే అంచనాగా రాయాలి. రాత్రి గడియారం చూస్తూ రాస్తే ఆ చూడటమే నిద్ర చెడగొడుతుంది. ఒక్క చెడ్డ రాత్రి సగటును లాగేస్తుంది కాబట్టి, 14 అంకెలనూ చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి ఏడోదానికీ ఎనిమిదోదానికీ మధ్య విలువ తీసుకోవాలి. రెండో వారం మొదటి వారంకన్నా బాగుంటే, మందు లేకుండానే వచ్చిన మెరుగుదల ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పటికే రోజూ వాడుతున్నవారు మాత్రం ఈ లెక్క తేల్చడానికి ఒక్కసారిగా ఆపకూడదు. చాలాకాలం బెంజోడయాజెపైన్లు వాడి హఠాత్తుగా మానేస్తే మూర్ఛ కూడా రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో రెండు వారాలకోసారి సుమారు నాలుగో వంతు చొప్పున, చివర్లో ఇంకా చిన్న మెట్లలో తగ్గించడం ఒక వాడుక పద్ధతి. ప్రతి మెట్టు దిగాక మొదటి కొన్ని రాత్రుల అంకెలను పక్కన పెట్టి, తర్వాతి రాత్రులను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: "సగం ప్లాసిబోయే అయితే మాత్ర ఉత్తిదే."

వాస్తవం: 22 నిమిషాలు సున్నా కాదు. అది సగటు కూడా, కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. పైగా మాత్ర గుంపు నుంచి ప్లాసిబో గుంపును తీసేసే లెక్కలో, మందు ప్రభావమూ నమ్మకం ప్రభావమూ ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కలుస్తాయన్న ఊహ ఉంది. అవి ఎప్పుడూ అలాగే కలుస్తాయన్న హామీ లేదు. అయితే ఆ 22 నిమిషాలను వాటి ఖరీదు పక్కన పెట్టి చూడాలి. మరుసటి ఉదయం రక్తంలో మిగిలే మందు డ్రైవింగ్‌ను దెబ్బతీస్తోందనే 2013లో ఎఫ్‌డీఏ స్త్రీలకు జోల్పిడెమ్ మామూలు మాత్ర మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. వృద్ధుల్లో రాత్రి లేచినప్పుడు పడిపోవడం, తికమకపడటం ఇంకో లెక్క. ఇరవై రెండేళ్ల మనిషికి కొన్నాళ్ల పాటు సరితూగే బేరం, డెబ్బై ఐదేళ్ల మనిషికి నష్టం కావచ్చు. దీర్ఘకాలిక నిద్రలేమికి 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ మాత్రకన్నా ముందు నిద్రలేమి కోసం రూపొందించిన ప్రవర్తనా చికిత్స, సీబీటీ-ఐ, సూచించింది. మంచంలో గడిపే సమయాన్ని కుదించడం, నిద్ర గురించిన భయాన్ని సడలించడం అందులో ముఖ్య భాగాలు. ప్లాసిబో గుంపుకు అనుకోకుండా దొరికిన ఆ దినచర్యనూ నెమ్మదినీ అది కావాలనే, పద్ధతిగా నేర్పుతుంది.