ఏటీపీ శక్తి 30.5 కిలోజౌళ్లేనా? కాల్షియం పంపు లెక్కలో అపోహలు - వాస్తవాలు

"ఏటీపీ ఒక మోల్ జలవిశ్లేషణ చెందితే వచ్చేది 30.5 కిలోజౌళ్లే కదా మేడమ్, మరి నా పంపుకు 47 ఎక్కడి నుంచి వస్తున్నాయి?" అని కండర కణాలపై పనిచేసే ఒక పరిశోధక విద్యార్థిని నన్ను అడిగింది. ఆ ప్రశ్న నా దాకా రావడానికి ముందే ఆమె మూడు వారాల పాటు కాల్షియం కొలతలన్నీ మళ్లీ చేసింది, కాల్షియాన్ని చూపే రంగుపదార్థాన్ని మార్చింది, చివరకు తన చేతిలోనే ఏదో లోపం ఉందని నమ్మడం మొదలుపెట్టింది. కొలతల్లో తప్పేమీ లేదు. తప్పంతా ఆమెకు ఎవరో కంఠస్థం చేయించిన ఆ ఒక్క అంకెలో ఉంది. ఏడాదికి ఒక్కరైనా ఇదే దిగులుతో నా గదికి వస్తారు కాబట్టి, ఆమె లెక్కనే తీసుకొని విషయాన్ని రాసి పెడుతున్నాను.

అపోహ: −30.5 అనేది ఏటీపీకి ఉన్న స్థిరమైన విలువ. అంతకు మించి శక్తి కావలసిన చర్యను ఒక ఏటీపీ నడపలేదు.

అందరికంటే ఎక్కువ నష్టం కలిగించే అపోహ ఇదే. మోలుకు −30.5 కిలోజౌళ్లు అనేది ప్రామాణిక విలువ. అంటే పీహెచ్ 7 వద్ద ఏటీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్ మూడూ ఒక్కొక్క మోలార్ గాఢతలో ఉన్నాయని అనుకొని చెప్పిన విలువ. అలాంటి కణం ఎక్కడా లేదు. కణంలో ఏటీపీ కొన్ని మిల్లీమోలార్లు ఉంటుంది, స్వేచ్ఛగా ఉన్న ఏడీపీ అందులో కొన్ని వందల వంతుల్లో ఒక వంతే ఉంటుంది. కాబట్టి అసలు విలువను ప్రతిసారీ లెక్క వేయవలసిందే:

```
ΔG' = ΔG'° + RT ln([ADP][Pi]/[ATP])
```

విశ్రాంతిలో ఉన్న కండరానికి సరిపోయే గాఢతలు తీసుకుందాం: ఏటీపీ 8 మిల్లీమోలార్లు, ఫాస్ఫేట్ 3 మిల్లీమోలార్లు, స్వేచ్ఛా ఏడీపీ 15 మైక్రోమోలార్లు. అన్నిటినీ మోలార్లలోకి మార్చి నిష్పత్తి కడితే సుమారు 5.6 × 10⁻⁶ వస్తుంది. దాని సహజ సంవర్గమానం −12.1. శరీర ఉష్ణోగ్రత వద్ద RT విలువ 2.58 కిలోజౌళ్లు కాబట్టి రెండో పదం −31.2 అవుతుంది. మొత్తం సుమారు −61.7 కిలోజౌళ్లు. ఉష్ణోగ్రతను బట్టి, మెగ్నీషియాన్ని బట్టి ప్రామాణిక విలువలో వచ్చే చిన్న మార్పును ఇక్కడ పక్కన పెట్టాను, దానివల్ల ముగింపు మారదు.

ఈ అదనపు 31 కిలోజౌళ్లు ఎక్కడివని అడిగేవారు ఒక సంగతి గమనించాలి. స్వేచ్ఛా శక్తి ఏటీపీ అణువు లోపల మూటగట్టి పెట్టినది కాదు, ఆ చర్య తన సమతాస్థితికి ఎంత దూరంలో ఉందన్న దానికి అది కొలత. వదిలేస్తే ఈ చర్య, నిష్పత్తి లక్ష దాటేవరకు సాగి అక్కడ ఆగుతుంది. కణం మాత్రం దాన్ని 5.6 × 10⁻⁶ వద్ద పట్టి ఉంచుతోంది. అంటే సమతాస్థితికి రెండు వేల కోట్ల రెట్లకు పైగా ఎడంగా నిలబెడుతోంది. ఆ ఎడాన్ని నిలబెట్టేది మైటోకాండ్రియా, గ్లైకాలిసిస్. అవి ఆగిపోయి చర్య సమతాస్థితికి చేరిన రోజున, పరీక్ష నాళికలో ఏటీపీ కొంత మిగిలే ఉన్నా దానితో ఏ పనీ జరగదు.

ఇక పంపు సంగతి. కండర కణంలో కాల్షియాన్ని నిల్వ ఉంచే సంచి అయిన సార్కోప్లాస్మిక్ రెటిక్యులంలో ఉండే ఈ పంపు ఒక ఏటీపీకి రెండు కాల్షియం అయాన్లను కణద్రవ్యం నుంచి లోపలికి తోస్తుంది. కణద్రవ్యంలో స్వేచ్ఛా కాల్షియం 0.1 మైక్రోమోలార్, రెటిక్యులంలో సుమారు 1 మిల్లీమోలార్, అంటే తేడా పదివేల రెట్లు. ఈ పొరకు అటూ ఇటూ విద్యుత్ పీడనం దాదాపు ఉండదు కాబట్టి గాఢతల తేడా ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ఒక్కో అయానుకు 2.58 × 9.21, రెండింటికి కలిపి 47.5 కిలోజౌళ్లు కావాలి. చేతిలో 61.7 ఉన్నాయి, కావలసింది 47.5. కలిపి చూస్తే −14.2. పంపు హాయిగా నడుస్తుంది.

ఇదే లెక్కను −30.5తో వేస్తే పంపు నిలబెట్టగల తేడా 370 రెట్లు దాటదు. రెటిక్యులంలో 1 మిల్లీమోలార్ ఉంటే కణద్రవ్యంలో కాల్షియం 2.7 మైక్రోమోలార్ల కంటే దిగదు. ఆ గాఢతలో కండరం బిగుసుకొనే ఉంటుంది, సడలదు. మన కండరాలు ప్రతి క్షణం సడలుతూనే ఉన్నాయి. అయినా "ఏటీపీలో ఉన్నది ముప్పయ్యే" అన్న మాట ఒకరి నోట్సు నుంచి మరొకరి నోట్సుకు పాకుతూనే ఉంది, దాన్ని సరిచూడకుండా బోధించేవారి మీద నాకు నిజంగా కోపం వస్తుంది. మూడు వారాల కష్టం పోగొట్టుకొన్నది ఆ అమ్మాయి, వారు కాదు.

గాఢతలు పెట్టి లెక్క వేసినవారు కూడా రెండు చోట్ల జారిపడతారు. మొదటిది ప్రమాణాలు. పైన రెండు గాఢతలు, కింద ఒకటి ఉన్నందున నిష్పత్తిలో ఒక మోలార్ మిగులుతుంది. ప్రామాణిక స్థితి ఒక మోలార్ కాబట్టి మిల్లీమోలార్లను అలాగే పెట్టకూడదు. పెడితే విలువ 17.8 కిలోజౌళ్లు తగ్గి −43.9 అని వస్తుంది, అప్పుడు పంపు నడవదనే తీర్పు మళ్లీ చేతికి వస్తుంది. విద్యార్థి దశలో నేను కూడా ఇదే తప్పు చేసి, ఒక సాయంత్రమంతా ఆ తీర్పుకు కారణాలు వెతుక్కొన్నాను.

రెండోది ఏడీపీ. కండరాన్ని ఆమ్లంలో నూరి కొలిస్తే వచ్చే ఏడీపీలో అధిక భాగం ఆక్టిన్ వంటి ప్రోటీన్లకు అతుక్కొని ఉన్నదే. చర్యలో లెక్కకు వచ్చేది స్వేచ్ఛగా ఉన్నది మాత్రమే. దాన్ని నేరుగా కొలవడం కష్టం కాబట్టి, ఫాస్ఫోక్రియాటిన్ నుంచి ఫాస్ఫేట్‌ను ఏడీపీకి చేర్చి ఏటీపీని, క్రియాటిన్‌ను ఇచ్చే క్రియాటిన్ కైనేజ్ చర్య కణంలో సమతాస్థితికి దగ్గరగా ఉంటుందన్న ఆధారంతో లెక్కిస్తారు. పీహెచ్ 7, మెగ్నీషియం 1 మిల్లీమోలార్ వద్ద ఆ చర్య స్థిరాంకం సుమారు 166. ఏటీపీ 8, క్రియాటిన్ 10, ఫాస్ఫోక్రియాటిన్ 32 మిల్లీమోలార్లు అయితే స్వేచ్ఛా ఏడీపీ 80ని 5312తో భాగించినంత, అంటే 0.015 మిల్లీమోలార్. నేను పైన వాడిన 15 మైక్రోమోలార్లు ఇలా వచ్చినవే. దీనికి బదులు నూరి కొలిచిన మొత్తం ఏడీపీ, ఉదాహరణకు 0.8 మిల్లీమోలార్, పెడితే విలువ −51.4కు దిగిపోతుంది. పంపు నడుస్తుందనే వస్తుంది గానీ, 14గా ఉన్న మిగులు నాలుగులా కనిపిస్తుంది.

అపోహ: ఏటీపీ పరిమాణం బాగానే ఉంటే శక్తి కూడా బాగానే ఉన్నట్టు.

రక్తసరఫరా ఆగిన కండరంలో ఏం జరుగుతుందో అవే అంకెలతో చూద్దాం. ఏటీపీ 8 నుంచి 7కు మాత్రమే తగ్గింది. ఫాస్ఫోక్రియాటిన్ మాత్రం 32 నుంచి 5కు పడిపోయింది. పోయిన 27 మిల్లీమోలార్లు ఒకవైపు క్రియాటిన్‌గా, మరోవైపు ఫాస్ఫేట్‌గా తేలాయి, కాబట్టి క్రియాటిన్ 37కు, ఫాస్ఫేట్ 30కి చేరాయి. క్రియాటిన్ కైనేజ్ లెక్కతో ఏడీపీ 0.31 మిల్లీమోలార్ అవుతుంది. ఇప్పుడు నిష్పత్తి సుమారు 1.3 × 10⁻³, స్వేచ్ఛా శక్తి −47.6. పంపుకు కావలసింది 47.5. మిగులు పూర్తిగా హరించుకుపోయింది. ఏటీపీని మాత్రమే కొలిచినవారికి ఎనిమిదో వంతు తరుగుదల కనిపిస్తుంది, అదే సమయంలో కండరం సడలే శక్తిని కోల్పోయే అంచుకు చేరి ఉంటుంది. పీహెచ్ మారలేదన్న ఊహతో ఇది వేశాను. నిజానికి అక్కడ ఆమ్లత్వం కూడా పెరుగుతుంది కాబట్టి స్థిరాంకాన్ని, ప్రామాణిక విలువను సరిదిద్దుకోవాలి.

అపోహ: ఫాస్ఫేట్ బంధం తెగినప్పుడు శక్తి బయటపడుతుంది.

బంధం తెంచడానికి శక్తి ఖర్చవుతుంది, ఏ బంధానికైనా అంతే. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ వాడిన "అధిక శక్తి ఫాస్ఫేట్ బంధం" అనే మాట అక్షరాలా తీసుకొన్నందువల్ల వచ్చిన చిక్కు ఇది. ఏర్పడే బంధాలనూ, ఉత్పన్నాల నీటితో కలయికనూ, ఆవేశాల వికర్షణ తగ్గడాన్నీ కలిపి చూస్తేనే మొత్తం రుణాత్మకం అవుతుంది.

అపోహ: ఏటీపీ ఒక పక్క జలవిశ్లేషణ చెందుతుంది, ఆ శక్తి పక్కనున్న చర్యను నడుపుతుంది.

రెండు అంకెలను కూడి రుణాత్మకం వచ్చింది కాబట్టి చర్య జరుగుతుందనడం సగం మాటే. అవి రెండూ ఒకే యంత్రాంగంలో ముడిపడి ఉండాలి. నీటిలో ఏటీపీ ఊరికే విచ్ఛిన్నమైతే వచ్చేది వేడి, దానితో ఏ అయానూ కదలదు. కాల్షియం పంపులో ఆ ముడి 351వ స్థానంలోని ఆస్పార్టేట్. కణద్రవ్యం వైపు రెండు కాల్షియం అయాన్లు కూర్చొన్న తరువాతే ఏటీపీ చివరి ఫాస్ఫేట్ ఆ ఆస్పార్టేట్ మీదికి చేరుతుంది. అప్పుడు అయాన్లు లోపల బంధింపబడి, ప్రోటీన్ ఆకృతి మారాక రెటిక్యులం వైపు విడుదలవుతాయి. నీరు వచ్చి ఫాస్ఫేట్‌ను తొలగించేది ఆ తరువాతే. కాల్షియం లేనిదే ఫాస్ఫేట్ బదిలీ జరగదు, బదిలీ లేనిదే కాల్షియం దాటదు. ఈ ముడి వదులైతే, అంటే ఫాస్ఫేట్ ఊడినా కాల్షియం వెనక్కి జారిపోతే, లెక్క −14.2 చూపిస్తున్నా తేడా పెరగదు. అటువంటప్పుడు ఏటీపీ ఖర్చవుతుంటుంది, లోపలి కాల్షియం మాత్రం పెరగదు. ఒక ఏటీపీకి ఎన్ని అయాన్లు చేరాయో కొలిచి, రెండుకు బాగా తక్కువ వస్తే ముడి వదులైందని గానీ, పొర కారుతోందని గానీ అనుమానించాలి.

ముడి గట్టిగా ఉన్నదనడానికి మరో రుజువు కూడా ఉంది. ఆ విద్యార్థిని చివరిగా అడిగింది దాని గురించే: "చేతిలోని శక్తి 47.5 కంటే తగ్గితే పంపు ఆగిపోతుందా మేడమ్?" ఆగదు, వెనక్కి తిరుగుతుంది. కాల్షియంతో నిండిన రెటిక్యులం సంచులను కాల్షియం దాదాపు లేని ద్రావణంలో ఉంచి, బయట ఏడీపీ, ఫాస్ఫేట్ అందించినప్పుడు, బయటికి వచ్చే కాల్షియం వెంటే ఏటీపీ తయారవుతుందని శాస్త్రవేత్తలు మకినోసే, హాసెల్‌బాక్ 1971లో చూపించారు.