లారీని ఆపేశారు, ఈ-వే బిల్లు అసంపూర్తి: అపోహలు, వాస్తవాలు

గుంటూరు నుంచి ఖమ్మానికి మోటార్లు బయలుదేరాయనుకుందాం. విలువ 3 లక్షలు, రాష్ట్రం దాటే సరుకుపై పడే పన్ను ఐజీఎస్టీ 18 శాతం చొప్పున 54 వేలు. ఇన్‌వాయిస్ ఉంది. సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లులో సరుకు వివరాలు రాసే పార్ట్-ఎ పొద్దున్నే నింపారు, లారీ నంబరు రాయాల్సిన పార్ట్-బి వదిలేశారు. దారిలో అధికారి ఆపారు.

అపోహ: అక్కడికక్కడే ఫోనులో పార్ట్-బి నింపితే వదిలేస్తారు.

ఆపిన తర్వాత నింపినది ఆపిన సమయానికి ఉన్న లోటును పూడ్చదు. లారీ నంబరులో ఒకటి రెండు అంకెలు తప్పుపడటం వంటి చిన్న పొరపాట్లకు వెయ్యి రూపాయల జరిమానాతో వదలమని 2018 సెప్టెంబరు నాటి జీఎస్టీ సర్క్యులర్ చెబుతుంది. నంబరే లేకపోవడం ఆ జాబితాలో లేదు.

అపోహ: డ్రైవరు ఉన్నాడు కదా, అతనే చూసుకుంటాడు.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. జీఎస్టీ చట్టం 129వ సెక్షన్ ప్రకారం యజమాని ముందుకొస్తే జరిమానా పన్నుకు రెండింతలు, అంటే మన లెక్కలో 1,08,000. ఎవరూ రాకపోతే సరుకు విలువలో సగం లేదా పన్నుకు రెండింతలు, ఏది ఎక్కువైతే అది: 1,50,000. సరుకుతో ఇన్‌వాయిస్ ఉంటే పంపినవారినో అందుకునేవారినో యజమానిగా పరిగణించాలని 2018 డిసెంబరు సర్క్యులర్ చెబుతోంది. కాబట్టి 'మేమే యజమానులం' అని మొదటి రోజే రాతపూర్వకంగా తెలపండి. డ్రైవరు వాంగ్మూలాన్ని అధికారులు ఎంఓవీ-01 అనే ఫారంలో రాసుకుంటారు. చదివి వినిపించకుండా సంతకం చేయవద్దని అతనికి ఫోనులో చెప్పండి.

అపోహ: నోటీసుకు జవాబు రాసినా ప్రయోజనం ఉండదు.

ఆపిన 7 రోజుల్లోగా ఎంఓవీ-07 నోటీసు, అది అందిన 7 రోజుల్లోగా ఎంఓవీ-09 ఉత్తర్వు ఇవ్వాలి. మీ వాదన వినకుండా జరిమానా వేయకూడదు. గడువు తక్కువ కాబట్టి రెండు మూడు రోజుల్లోనే జవాబివ్వండి. క్షమాపణలతో పేజీ నింపకండి. పార్ట్-ఎ పుట్టిన సమయం, లారీని ఆపిన సమయం పక్కపక్కన చూపండి, సరుకు ఇన్‌వాయిస్‌తో సరిపోయిందని ఎంఓవీ-04 తనిఖీ నివేదికలోని మాటనే ఎత్తి చూపండి, పన్ను ఎగవేసే ఉద్దేశం లేదని వీటి ఆధారంగా రాయండి, వ్యక్తిగత విచారణ కోరండి. పార్ట్-బి ఒక్కటే లేని కేసుల్లో జరిమానాను కొట్టేసిన హైకోర్టు తీర్పులున్నాయి. అయితే అన్ని హైకోర్టులదీ ఒకే మాట కాదు.

అపోహ: డబ్బు కట్టేదాకా లారీ కదలదు.

జరిమానాకు సమానమైన బ్యాంకు గ్యారంటీతో ఎంఓవీ-08 బాండు ఇచ్చి సరుకును, లారీని విడిపించుకోవచ్చు. సరుకు యజమాని చేతులెత్తేసినా, ఆ జరిమానా లేదా లక్ష రూపాయలు, ఏది తక్కువైతే అది కట్టి రవాణాదారు లారీని విడిపించుకునే వీలు చట్టంలో ఉంది.

అపోహ: కట్టేస్తే కథ ముగిసినట్లే, అప్పీలు లేదు.

సరుకు పాడవుతుందనో, కొనుగోలుదారు తొందరపెడుతున్నాడనో చాలామంది కడతారు. కట్టినా, అభ్యంతరం తెలిపిన వ్యాపారికి కారణాలతో కూడిన ఎంఓవీ-09 ఇవ్వాల్సిందేనని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే అభ్యంతరంతో చెల్లిస్తున్నామని జవాబులోనే రాసి, ఉత్తర్వు ప్రతిని అడిగి తీసుకోండి. అప్పీలుకు 3 నెలల గడువు ఆ ఉత్తర్వు అందిన రోజు నుంచి మొదలవుతుంది.