‘ఏ సీజన్, ఎన్నో ఎపిసోడ్?’ టీవీ క్విజ్ ప్రశ్నల గురించి అపోహలు - వాస్తవాలు

ఆఫీసు ఫంక్షన్లకూ కాలేజీ ఫెస్టులకూ క్విజ్ ప్రశ్నలు రాస్తుంటాను. సినిమా రౌండు కంటే టీవీ రౌండులోనే గొడవలెక్కువ. ఒకసారి ఒక ఐటీ కంపెనీలో రెండు టీములు రెండు జవాబులు చెప్పాయి, ఫోన్లు తీసి చూపించాయి. నా కాగితంలో లేకపోయినా, ఒక టీము జవాబును తప్పనలేకపోయాను. తప్పు నా ప్రశ్నది.

అపోహ: సీజన్, ఎపిసోడ్ నంబరు వేస్తే ప్రశ్న పక్కా అవుతుంది.

ఎపిసోడ్ నంబరు కథలో ఉండదు, కథను ఎవరు ఎలా కత్తిరించి వరుస పెట్టారన్న దాన్ని బట్టి వస్తుంది. ‘మనీ హైస్ట్’నే చూడండి. 2017లో స్పెయిన్‌లో ఆంటెనా 3 ఛానల్ దాన్ని 15 ఎపిసోడ్లుగా వేసింది, ఒక్కోటి గంట పైనే. నెట్‌ఫ్లిక్స్ అదే కథను మళ్లీ కత్తిరించి, మొదటి భాగంలో 13, రెండో భాగంలో 9, మొత్తం 22 ఎపిసోడ్లు చేసింది. కాబట్టి ‘ఏడో ఎపిసోడ్‌లో ఏం జరిగింది?’ అంటే ఎవరి ఏడోది? పైగా నెట్‌ఫ్లిక్స్‌లో వాటిని ‘పార్ట్’ అంటారు. ‘ఎన్ని సీజన్లు?’ అని అడిగామా, వాదన మొదలైనట్టే.

మన ‘బిగ్ బాస్ తెలుగు’లోనూ ఇదే చిక్కు. ‘ఐదో సీజన్ తర్వాత గెలిచిందెవరు?’ అంటే ఒకరు రేవంత్ అంటారు, ఎందుకంటే ఆరో సీజన్ అతనిదే. ఇంకొకరు బిందు మాధవి అంటారు. 2022లో, ఆరో సీజన్‌కి ముందే, ఓటీటీలో ‘నాన్‌స్టాప్’ వచ్చింది, అది ఆమె గెలిచింది. ‘నాన్‌స్టాప్’ను లెక్కలో వేయాలో వద్దో ప్రశ్నలో లేకపోతే, ఇద్దరికీ మార్కులు ఇవ్వక తప్పదు.

అపోహ: పది సైట్లలో ఒకే జవాబుంటే వెరిఫై అయినట్టే.

పది సైట్లూ ఒకదాన్నొకటి కాపీ కొట్టి ఉండొచ్చు. నేను సీన్ ప్లే చేసి చూస్తాను, పాత్రధారి పేరైతే టైటిల్స్‌లో చదువుతాను. ఆ తర్వాత నా జవాబును పక్కన పెట్టి, ఓడిపోయిన టీము కెప్టెన్‌లా ఆలోచిస్తాను. ఇంకో జవాబుతో ఎలా పోట్లాడొచ్చు? రెండో జవాబు దొరికిందంటే ప్రశ్న మార్చాల్సిందే.

ఆ ఐటీ కంపెనీలో నేను అడిగింది ‘ఫ్రెండ్స్’ ప్రశ్న: ‘పెళ్లిలో రాస్ వధువు పేరు తప్పు చెప్పింది ఏ సీజన్, ఎన్నో ఎపిసోడ్?’ లండన్‌లో జరిగే ఆ పెళ్లి కథ 1998 మే 7న, అమెరికాలో ఎన్‌బీసీలో, రెండు ఎపిసోడ్ల నిడివితో ఒకే టైటిల్ కింద వచ్చింది. విడివిడిగా లెక్కిస్తే సీజన్ 4లో 23, 24. కలిపి చూపించే చోట రెండూ ఒకటే. నా కాగితంలో 24 ఉంది. ఒక టీము 23 అంది. ఇంకో టీము ‘సీజన్ 5, మొదటి ఎపిసోడ్’ అంది. ఆ కథ కూడా పెళ్లి మంటపంలోనే మొదలవుతుంది కాబట్టి, వాళ్లకు అదే గుర్తుండిపోయింది. ఈ మూడోదాన్ని తోసిపుచ్చగలను కానీ, 23ని ఏ మొహం పెట్టుకుని తప్పంటాను?

రిపేరు రెండు రకాలు. నంబరే కావాలనుకుంటే లెక్క ఎవరిదో చెప్పి, పెద్ద కొలతతో ఆగాలి: ‘ఎన్‌బీసీలో తొలి ప్రసారం ప్రకారం, రాస్, ఎమిలీల పెళ్లి ఏ సీజన్ ముగింపులో జరిగింది?’ జవాబు 4. ఎపిసోడ్లను ఎలా విడగొట్టినా ఇది మారదు.

రెండోది నాకు ఎక్కువ ఇష్టం. నంబరును తీసేసి, కథలోని సంఘటననే గుర్తుగా వాడటం: ‘రాస్ పెళ్లి ప్రమాణంలో వధువు పేరుకు బదులు రేచల్ పేరు పలికాడు. ఆ వధువు పాత్ర వేసిన నటి ఎవరు?’ రాస్‌కి మూడు పెళ్లిళ్లయినా, పేరు తడబడింది ఒక్కదాంట్లోనే. జవాబు హెలెన్ బాక్సెండేల్. నెట్‌ఫ్లిక్స్‌లో చూసినా, డీవీడీలో చూసినా అదే.

అపోహ: షరతులు పెడితే ప్రశ్న లాయరు నోటీసులా తయారవుతుంది.

చివర్లో బ్రాకెట్‌లో తగిలిస్తే అవుతుంది. షరతు వాక్యం మొదట్లో వస్తే వినేవాళ్లకు సందర్భంలాగే అనిపిస్తుంది: ‘నెట్‌ఫ్లిక్స్ వెర్షన్ మొదటి భాగంలో...’ అని మొదలుపెట్టి అడగండి, ఎవరికీ ఇబ్బంది అనిపించదు. నిజానికి ఇబ్బంది పెట్టేవి ‘మొదట’, ‘చివర’, ‘మొత్తం ఎన్ని’ లాంటి చిన్న మాటలు. షో ఇంకా నడుస్తుంటే ‘మొత్తం’ అనేది వచ్చే నెలకే పాతబడుతుంది. అలాంటప్పుడు తేదీ వేస్తాను, లేదా ఆ ప్రశ్న వదిలేస్తాను.

ఇప్పుడు నా కాగితంలో ప్రతి జవాబు కింద ఒక చిన్న లైను ఉంటుంది: ఏ వెర్షన్‌లో చూశాను, ఎన్నో నిమిషంలో ఉంది, ఏ తేదీన చూశాను. స్టేజి మీద ఎవరైనా ఫోన్ ఎత్తితే, ఆ లైను చదివి వినిపిస్తాను.