రోడ్డు పక్క బీపీ: మోత వాటా ఎంత, పొగ వాటా ఎంత?

రద్దీ రోడ్డును ఆనుకుని ఇరవై ఏళ్లుగా కాపురముంటున్న మనిషికి బీపీ వచ్చిందనుకుందాం. తప్పు దేనిది? హారన్లదా, ఇంజన్ల మోతదా, పొగదా, ఊపిరి సలపని ఇరుకుదా? ఇవన్నీ ఒకే రోడ్డు నుంచి, ఒకే వేళల్లో ఇంట్లోకి వస్తాయి. మోత ఎక్కువున్న చోటే పొగా ఎక్కువ. పైగా అలాంటి చోట అద్దె తక్కువ కాబట్టి ఆదాయం తక్కువున్న వాళ్లే ఎక్కువగా ఉంటారు. వాళ్ల తిండి, నిద్ర, పని వేళలు కూడా వేరు. రోడ్డు పక్కవాళ్లకు బీపీ ఎక్కువని లెక్క తేల్చడం ఒక ఎత్తయితే, అది దేనివల్ల అని విడదీయడం ఇంకో ఎత్తు. ఈ ముడి విప్పడానికి పరిశోధకులకు దశాబ్దాలు పట్టింది. అదీ పూర్తిగా విడిపోలేదు.

మొదట్లో ఎవరూ దేన్నీ విడదీయలేదు. పట్నం మొత్తాన్ని ఒక్క మూటగా కట్టి చూశారు. ఇటలీలోని అంబ్రియా ప్రాంతంలో 1960ల నడుమ మొదలైన ఒక అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. బయటి లోకంతో సంబంధం లేకుండా మఠంలో మౌనంగా బతికే 144 మంది క్రైస్తవ సన్యాసినులను, అదే ప్రాంతంలో మామూలు జీవితం గడిపే 138 మంది స్త్రీలను ఎంచుకుని ఏళ్ల తరబడి బీపీ చూస్తూ వచ్చారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1988లో ఫలితాలు ప్రచురించారు. బయటి స్త్రీలకు వయసుతోపాటు బీపీ పెరుగుతూ పోయింది. మఠంలో వాళ్లకు దాదాపు మొదట ఉన్నచోటే ఉంది. తిన్న ఉప్పులో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. వయసు పెరిగితే బీపీ పెరగడం ప్రకృతి నియమం అనుకునే వాళ్లకు ఇది పెద్ద ప్రశ్నే. కానీ మఠంలో వాహనాల మోత లేదు, సంసారం లేదు, పిల్లల బెంగ లేదు, జీతం చింత లేదు. వీటిలో ఏది కాపాడిందో ఆ అధ్యయనం చెప్పలేదు, చెప్పే వీలూ లేదు.

ఇరుకు ఒక్కదాన్నే పక్కకు తీసి చూసే అవకాశం విచిత్రంగా జైళ్లలో దొరికింది. ఒకే గోడల మధ్య, ఒకే తిండి తింటూ, కొందరు ఒంటరి గదుల్లో, కొందరు అందరూ కలిసి పడుకునే హాళ్లలో ఉంటారు. అమెరికాలో డేవిడ్ డాట్రీ, ఏడ్రియన్ ఆస్ట్‌ఫెల్డ్ 1975లో ప్రచురించిన పనిలో హాళ్లలోని ఖైదీలకు బీపీ ఎక్కువగా కనిపించింది. ఆ తర్వాత 1981లో అదే బృందం ఇంకో మెట్టు ఎక్కింది. ఒంటరి గది నుంచి హాలుకు మార్చిన ఖైదీలకు బీపీ పెరిగింది, తిరిగి గదికి పంపితే తగ్గింది. మనుషులు వాళ్లే, చోటు మాత్రమే మారింది. నా లెక్కన ఇరుకు గురించి ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యం తక్కువే. అయితే జైలు ఇరుకులో భయం కూడా కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని నేరుగా ఇరుకు కాలనీలకు అతికించలేం.

పట్నానికి వలస వచ్చినవాళ్ల మీద జరిగిన పని కూడా జాగ్రత్తే నేర్పింది. కెన్యాలో పల్లెల నుంచి నైరోబీకి వచ్చిన లువో ప్రజలను గమనిస్తే, వచ్చిన తొలి నెలల్లోనే బీపీ పెరగడం కనబడింది. 1990లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. కానీ మూత్ర పరీక్షలో ఉప్పు పెరిగి పొటాషియం తగ్గినట్టు తేలింది, బరువూ పెరిగింది. పట్నం చేసిన పనిలో కొంత భాగం కంచంలో నుంచే జరిగిందన్నమాట.

మోత కథ ఫ్యాక్టరీల్లో మొదలైంది. అక్కడ మొదటి చింత చెవుడే. చెవికి హాని చేయనంత మోత గుండెకు హాని చేస్తుందా అన్న ప్రశ్నకు 1981లో మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్నెస్ట్ పీటర్సన్ బృందం కోతుల మీద జవాబు వెతికింది. మనుషుల రోజువారీ జీవితంలో వినబడే లాంటి మోతను రీసస్ కోతులకు తొమ్మిది నెలలు వినిపించారు. వినికిడి చెడలేదు. బీపీ మాత్రం పెరిగింది, మోత ఆపేశాక కూడా మునుపటి స్థాయికి దిగిరాలేదు. చెవి క్షేమంగా ఉంటే మనిషి క్షేమమే అనుకోవడానికి అప్పటినుంచి వీల్లేకపోయింది.

మనుషుల్లో మోతను పొగ నుంచి విడదీయడానికి విమానాశ్రయాలు పనికొచ్చాయి. విమానం మోత ఆకాశం నుంచి పడుతుంది. దాని కింద ఉన్న ఇంటికి రద్దీ రోడ్డు పక్కన ఉండేంత పొగ అందదు. లండన్ హీత్రో, బెర్లిన్ టెగెల్, ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్, స్టాక్‌హోమ్ అర్లాండా, మిలాన్ మల్పెన్సా, ఏథెన్స్, ఈ ఆరు విమానాశ్రయాల చుట్టుపక్కల కనీసం ఐదేళ్లుగా ఉంటున్న 45 నుంచి 70 ఏళ్ల వయసువాళ్లు 4,861 మందిని హైనా అనే అధ్యయనంలో చేర్చారు. 2008లో ఫలితాలు వచ్చాయి. రాత్రిపూట విమానాల మోత ప్రతి 10 డెసిబెల్స్ పెరుగుదలకూ బీపీ ఉండే అవకాశం దాదాపు 14 శాతం ఎక్కువగా కనబడింది. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు, చెవికి మాత్రం సుమారు రెట్టింపు అనిపిస్తుంది. అదే అధ్యయనంలో రోడ్డు మోతకూ బీపీకీ ఇలాంటి పొంతనే కనబడింది, కాస్త తక్కువ మోతాదులో.

ఆ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది దాని లోపల జరిగిన చిన్న ప్రయోగం. నాలుగు విమానాశ్రయాల దగ్గర 140 మందికి రాత్రంతా పావుగంటకోసారి బీపీ చూసే యంత్రం కట్టారు. పడకగదిలో శబ్దం కొలిచే మరో పరికరం పెట్టారు. విమానం పోయిన పావుగంటలో పై అంకె సగటున 6.2, కింది అంకె 7.4 మిల్లీమీటర్లు పెరిగాయి. గదిలో 35 డెసిబెల్స్ దాటిన శబ్దాన్నే వాళ్లు ఒక ఘటనగా లెక్కవేశారు. అంత తక్కువ శబ్దానికి మెలకువ రానవసరం లేదు.

మెలకువ రాకపోయినా బీపీ ఎందుకు పెరుగుతుంది? చెవికి రెప్పలు లేవు. నిద్రలోనూ శబ్దం మెదడుకు చేరుతుంది, ప్రమాదాన్ని పసిగట్టే భాగం నరాలను హెచ్చరిస్తుంది, అడ్రినలిన్ పెరుగుతుంది, సన్న ధమనులు బిగుసుకుంటాయి. కొన్నాళ్లకు మనిషి మోతకు అలవాటుపడి లేవడం మానేస్తాడు. గుండె, రక్తనాళాలు మాత్రం అంత పూర్తిగా అలవాటుపడవు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రాత్రి బీపీ పగటికన్నా 10 నుంచి 20 శాతం దిగుతుంది. రక్తనాళాలకు అదే విశ్రాంతి. రాత్రికి ఇరవైసార్లు ఆ విశ్రాంతి చెదిరితే, ఏళ్లు గడిచేకొద్దీ నాళాల గోడలు దళసరెక్కి బిరుసవుతాయి. అప్పుడు మోత లేని వేళ కూడా బీపీ కిందికి దిగదు. జర్మనీలోని మైన్జ్‌లో థామస్ మున్జెల్ బృందం 2013లో 75 మంది ఆరోగ్యవంతులకు రాత్రి విమానాల మోత రికార్డు వినిపించి చూసింది. ఒక్క రాత్రికే నాళాల లోపలి పొర సరిగా వ్యాకోచించలేకపోయింది, అడ్రినలిన్ పెరిగింది.

పొగ సంగతి వేరే దారిలో నడిచింది. మోతను పక్కన పెట్టి పొగను మాత్రమే మార్చాలంటే ఊపిరికి వడపోత పెట్టాలి. 2009లో బీజింగ్‌లో 15 మంది ఆరోగ్యవంతులను నగర వీధుల్లో రెండు గంటలు నడిపించారు, ఒకసారి మంచి మాస్కుతో, ఒకసారి లేకుండా. మాస్కు లేని నడకలో పై అంకె సగటు 121, మాస్కు ఉన్న నడకలో 114. చెవుల్లో పడ్డ మోత రెండుసార్లూ ఒకటే. కాకపోతే మాస్కు పెట్టుకున్న సంగతి మనిషికి తెలుస్తుంది కదా, ఆ ధీమా వల్లే తగ్గిందేమో అని సందేహించవచ్చు.

ఆ సందేహాన్ని తీర్చిన ప్రయోగం అమెరికాలో సియాటిల్‌లో జరిగింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 22 నుంచి 45 ఏళ్ల మధ్య ఉన్న, బీపీ లేని 16 మందిని రద్దీ వేళ కారులో కూర్చోబెట్టి రెండేసి గంటలు తిప్పారు. మూడు వేర్వేరు రోజులు తిప్పితే, రెండు రోజులు రోడ్డు గాలి నేరుగా కారులోకి వచ్చింది. ఒక రోజు అతి సూక్ష్మ కణాలను పట్టేసే ఫిల్టర్ బిగించారు. ఏ రోజు ఏది జరిగిందో ఎక్కినవాళ్లకు తెలియదు. అవే రోడ్లు, అదే రద్దీ, అదే మోత. 2023లో వెలువడిన ఫలితం ప్రకారం ఫిల్టర్ లేని రోజు గంట గడిచేసరికి కింది అంకె 4.7, పై అంకె 4.5 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉన్నాయి. మర్నాడు అదే వేళకు కూడా కింది అంకె పూర్తిగా దిగలేదు. ఫిల్టర్ పట్టినవాటిలో ముఖ్యమైనవి ఇంజన్ల నుంచి వచ్చే అతి సూక్ష్మ కణాలు. అవి ఊపిరితిత్తుల్లోని నరాల చివరలను రెచ్చగొడతాయి, రక్తనాళాల పొరలో వాపు తెస్తాయి. అంటే మోత, పొగ వేర్వేరు తలుపులు తట్టినా చివరికి చేరేది ఒకే చోటికి, బిగుసుకున్న నాళాల దగ్గరికి. పదహారు మంది చిన్న సంఖ్యే. కానీ ప్రతి మనిషినీ అతనితోనే పోల్చారు కాబట్టి ఆదాయం, తిండి లాంటి చిక్కులు ఇక్కడ అడ్డురావు.

ఇలాంటి ప్రయోగాలు గంటల్లో జరిగేదాన్ని చూపుతాయి, ఏళ్ల సంగతి చెప్పలేవు. దానికి జనం లెక్కలే కావాలి. బ్రిటన్‌లో 2,40,000 మందికి పైగా, బీపీ లేని నడివయసు వాళ్లను సగటున ఎనిమిదేళ్ల పైచిలుకు గమనించి 2023లో ఒక పత్రం ప్రచురించారు. ఇంటి దగ్గర రోడ్డు మోత పెరిగేకొద్దీ కొత్తగా బీపీ వచ్చేవాళ్లు పెరిగారు. 10 డెసిబెల్స్‌కు 7 శాతం చొప్పున. గాలిలోని సూక్ష్మ కణాలను, నైట్రోజన్ డయాక్సైడ్‌ను లెక్కలోంచి మినహాయించాక కూడా ఆ సంబంధం నిలిచింది. మోతా పొగా రెండూ ఎక్కువున్న చోట ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ.

ఏడు శాతం అంటే ఒక్క మనిషికి చిన్న అంకె. ఉప్పు, బరువు, వంశం బీపీని ఇంతకన్నా ఎక్కువ కదిలిస్తాయి. పైగా ఈ లెక్కల్లో మోత అంటే ఇంటి బయటి గోడ దగ్గర కంప్యూటర్ అంచనా వేసిన సంఖ్య, దిండు దగ్గర కొలిచినది కాదు. ఈ లోపం ఎంత ముఖ్యమో స్టాక్‌హోమ్ పక్కనున్న సోలెన్‌టూనా పురపాలిక పరిధిలో 2007లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం చూపింది. అక్కడ రోడ్డు మోతకూ బీపీకీ సంబంధం పడకగది వీధివైపు ఉన్నవాళ్లలో, కిటికీలకు మూడు పొరల అద్దం లేనివాళ్లలో, ఒకే ఇంట్లో పదేళ్లు దాటినవాళ్లలో బలంగా ఉంది. అదే వీధి, అదే ఇల్లు కావచ్చు. పడుకునే గది పెరటివైపు ఉంటే లెక్క మారిపోతుంది.

పొగ విషయంలో పెరటి గది అంత సాయం చేయదు. సూక్ష్మ కణాలు గాలితో ఇల్లంతా పాకుతాయి. రాత్రి మోత చేసిన పని బయటపడాలంటే 24 గంటల బీపీ యంత్రం కట్టుకుని, నిద్రలో అంకె పగటికన్నా కనీసం 10 శాతం దిగుతోందా అని చూడాలి. అలా దిగకపోవడానికి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, మూత్రపిండాల సమస్య కూడా కారణం కావచ్చు కాబట్టి డాక్టరు ముందు వాటినే వెతుకుతారు. పగలు ఆస్పత్రి కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి చూసే బీపీలో ఇది కనిపించదు.