పోయాయనుకున్న క్రేట్లు ఎక్కడున్నాయి? ప్యాలెట్ల అద్దె, సొంతం గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

చెన్నై చుట్టూ అంబత్తూరు, ఒరగడం, శ్రీపెరుంబుదూరు గోదాముల్లో పనిచేసే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. సూళ్లూరుపేట, తడ వైపు నుంచి వచ్చే డ్రైవర్లు సరేసరి. సరుకు కింద వేసి ఎత్తే ప్యాలెట్లు, సరుకు నింపే క్రేట్ల మాట వస్తే వీళ్లందరి నోటా వినిపించే అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. వాటివల్ల కంపెనీలు ఏటా అవసరం లేని కొనుగోళ్లు చేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సొంతంగా కొంటే ఒక్కసారే ఖర్చు, అద్దెకు తీసుకుంటే నెలనెలా ఖర్చు.

సొంత ప్యాలెట్ ఎన్నేళ్లు మన్నుతుందని అందరూ అడుగుతారు. అడగాల్సింది, ఎన్ని ట్రిప్పులు తిరిగాక అది మన చేతికి రాకుండా పోతుందని. పంపిన ప్రతి వందలో ఐదు తిరిగి రాకపోయినా, వచ్చి పనికిరాకపోయినా ఒక ప్యాలెట్ సగటు ఆయుష్షు 20 ట్రిప్పులే. చెక్క ఎంత గట్టిదైనా లాభం లేదు. లెక్క కోసం ధర 1,200 రూపాయలు అనుకుందాం. అప్పుడు ట్రిప్పుకు 60 రూపాయలు పడుతుంది. ఖాళీలను వెనక్కి తెచ్చే లారీ కిరాయి, మరమ్మతు దీనికి అదనం. అదే నష్టాన్ని వందకు రెండుకు తగ్గిస్తే ఆయుష్షు 50 ట్రిప్పులవుతుంది, ఖర్చు 24 రూపాయలకు దిగుతుంది.

అద్దె లెక్క రోజుల మీద నడుస్తుంది. ఇచ్చేటప్పుడు 25 రూపాయలు, ఆపైన రోజుకు 2 రూపాయలు అనుకుంటే, 18 రోజుల్లో తిరిగి వెళ్లిన ప్యాలెట్‌కు 61 రూపాయలు అవుతాయి. కొనుగోలుదారు 40 రోజులు ఉంచేసుకుంటే 105. ఈ ధరలు ఉదాహరణకే, మీ ఒప్పందంలోని అంకెలు పెట్టి చూసుకోండి. రెండు లెక్కల స్వభావం మాత్రం మారదు. సొంత ప్యాలెట్‌ను తినేసేది నష్టం, అద్దె ప్యాలెట్‌ను తినేసేది ఆలస్యం.

కాబట్టి రోజూ ఒకే రెండు గేట్ల మధ్య తిరిగే సరుకుకు సొంతవే మేలు. సరుకు పది ఊళ్లకు వెళ్లి, అక్కడినుంచి ఖాళీలు తెచ్చుకోవడం గిట్టుబాటు కాకపోతే అద్దె మేలు. అయితే సరుకు అందుకునేవాళ్లు కూడా మీకు ప్యాలెట్లు అద్దెకిచ్చే పూల్ కంపెనీతోనే ఖాతా ఉన్నవాళ్లయి ఉండాలి, లేదా ఖాళీలను పూల్ కంపెనీయే అక్కడినుంచి తీసుకెళ్లే ఏర్పాటు ఉండాలి. లేకపోతే అద్దె ప్యాలెట్లను కూడా మీరే వెనక్కి మోసుకోవాలి.

అపోహ: క్రేట్లు చాలడం లేదంటే పోయాయన్నమాట.

ఇది అన్నిటికంటే ఖరీదైన అపోహ కాబట్టి ఒక ఉదంతం పూర్తిగా చెబుతాను. అంబత్తూరులోని ఒక విడిభాగాల తయారీదారు శ్రీసిటీలోని ప్లాంటుకు రోజుకు 150 మడత క్రేట్లలో సరుకు పంపేవాడు. నింపి నిల్వ ఉంచడానికి, ప్రయాణానికి, ప్లాంటులో వాడకానికి, ఖాళీలు పోగవడానికి, తిరుగు ప్రయాణానికి, కడగడానికి కలిపి ఒక చుట్టుకు 9 రోజులని అంచనా. అంటే 1,350 క్రేట్లు కావాలి. ఒక రోజుకు సరిపడా అదనంగా కలిపి 1,500 కొన్నారు. కొన్నాళ్లకే కొరత మొదలైంది. అట్టపెట్టెల్లో సరుకు పంపాల్సి వచ్చింది. మూడు వందలు పోయాయని తేల్చి, కొత్తవి కొనడానికి కాగితం పెట్టారు.

కొనే ముందు అన్నిచోట్లా ఒకే రోజు, లారీలు కదలకముందే లెక్కించాం. దొరికినవి 1,462. నిజంగా పోయినవి 38 మాత్రమే. మూలలు పగిలి, కొక్కేలు విరిగి మూలన పడినవి 47. ప్లాంటు వెనక షెడ్డులో మడిచి పేర్చిన మంచి ఖాళీలు 520!

అవి అక్కడెందుకు ఆగాయంటే, మడిస్తే క్రేటు పల్చగా అవుతుంది, లారీలో చాలా పడతాయి. లారీ నిండితేగాని పంపకూడదని కిరాయి చూసే విభాగం నియమం పెట్టుకుంది. రోజుకు 150 చొప్పున పోగవుతుంటే లారీ నిండడానికే మూడు నాలుగు రోజులు పట్టేది. మడత క్రేటు గొప్పదనమే దానికి అడ్డమైంది. తెలుగు డ్రైవర్ ఒకాయన అప్పటికే చెప్పి ఉన్నాడు: "సార్, నేను అక్కడ దించి ఖాళీ బండితోనే తిరిగి వస్తున్నాను, ఖాళీలు ఇవ్వమంటే రేపు అంటున్నారు."

లెక్క చూడండి. దొరికిన 1,462లో పగిలిన 47, ఆగిపోయిన 520 తీసేస్తే తిరుగుతున్నవి 895. ఖాళీలు పోగయ్యే ఒక రోజు మినహా మిగతా 8 రోజుల చుట్టుకు కావాల్సినవి 1,200. కొరత 305. అందరూ పోయాయన్న మూడు వందలు అవే. సరుకు దించిన బండే అదే రోజు అన్నే ఖాళీలు ఎక్కించుకు రావాలని నియమం మార్చారు. షెడ్డులో 150 మించకుండా చూస్తే 370 క్రేట్లు చుట్టులోకి తిరిగి వస్తాయి. కొత్తవి కొనే కాగితం వెనక్కి తీసుకున్నారు.

అపోహ: ట్యాగులు పెడితే నష్టం ఆగిపోతుంది.

మామూలు రేడియో ట్యాగు చెప్పేది క్రేటు చివరగా ఏ గేటు దాటిందన్నదే. ఎవరి బాధ్యతలో ఉందో చెప్పదు. లోహపు ర్యాకుల మధ్య, ద్రవాలున్న పెట్టెల మీద రేడియో ట్యాగులు చాలాసార్లు సరిగా చదవబడవు కూడా. ముందుగా చోటు వారీగా ఒక ఖాతా తెరవండి. నిన్నటి నిల్వకు వచ్చినవి కలిపి, వెళ్లినవి తీసేస్తే ఇవాళ్టి నిల్వ రావాలి. దారిలో ఉన్న బండిని కూడా ఒక చోటుగానే రాయండి. ప్రతి చోటి నిల్వను రోజువారీ వాడకంతో భాగిస్తే అక్కడ ఎన్ని రోజులు ఆగుతున్నాయో తెలుస్తుంది. పై ఉదంతంలో 520ని 150తో భాగిస్తే మూడున్నర రోజులు వస్తుంది. ఉండాల్సింది ఒక రోజు.

చలానాలో నిండు క్రేట్ల సంఖ్యతో పాటు వెనక్కి ఇచ్చిన ఖాళీల సంఖ్యకూ ఒక గడి ఉండాలి. తేడా ఉంటే డ్రైవర్, గేటు దగ్గరి మనిషి ఇద్దరూ అక్కడే సంతకం పెట్టాలి. నెలాఖరులో ఫోన్ల మీద తేల్చుకుందామంటే ఆ తేడా ఎప్పటికీ తేలదు.

అపోహ: అద్దెవైతే పోయినా పూల్ కంపెనీదే బాధ్యత.

చాలా ఒప్పందాల్లో ప్యాలెట్ మీ ఖాతాలో ఉన్నంతకాలం అద్దె నడుస్తూనే ఉంటుంది. పోయిందని తేలితే పరిహారం వేరే. ఆ పరిహారం కట్టాక దొరికినా అది మీ సొత్తు కాదు. కొనుగోలుదారుకు పంపగానే మీ బాధ్యత తీరదు, బదిలీని కంపెనీ పద్ధతిలో నమోదు చేయాలి. సోమవారం పంపినదాన్ని శుక్రవారం నమోదు చేస్తే మధ్య రోజుల అద్దె సాధారణంగా మీ మీదే పడుతుంది. పూల్ కంపెనీ నెలవారీ పట్టీని మీ చలానాలతో, అవతలివాళ్ల ముద్ర పడిన కాపీతో వరుసగా సరిపోల్చాలి. అభ్యంతరానికి గడువు ఉంటుంది, అది ఒప్పందంలో ఎక్కడుందో ముందే చూసుకోండి.

అపోహ: చెక్క ప్యాలెట్లు నాసిరకం కాబట్టి విరుగుతాయి.

విరిగిన చోటును చూడకుండా ఈ మాట అనకూడదు. ఫోర్కులు దూరే వైపు మొదటి పలక చీలిందంటే, ఫోర్క్‌లిఫ్ట్ వంకరగానో వేగంగానో వచ్చి గుద్దింది. మూల దిమ్మె మెలితిరిగి మేకులు బయటికొచ్చాయంటే, ఎత్తకుండా నేలమీద నెట్టి తిప్పారు. అడుగు పలక మధ్యలో విరిగితే చేతి ట్రక్కు చక్రాలు ఆ పలక మీదే ఉండగా పైకి లేపారు. విరిగినవాటిని వెంటనే తుక్కుకు పంపకుండా వారం పాటు ఒకచోట ఉంచి, ఏ చోటు విరిగిందో, ఏ డాక్ నుంచి వచ్చిందో సుద్దతో రాయించండి. ఒకే డాక్ పేరు పదేపదే కనిపిస్తే సరఫరాదారును మార్చడానికి ముందు ఆ డాక్‌లో బండి నడిపే తీరును చూడండి.