థీసిస్ రాత ఆగిపోయినప్పుడు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో పీహెచ్‌డీ స్కాలర్లకు గైడ్‌గా పనిచేస్తూ నేను ఎక్కువగా చూసే ఇబ్బంది ఒకటుంది. సర్వే పూర్తవుతుంది, పట్టికలు తయారవుతాయి, ఫలితాల అధ్యాయం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం రీ-రిజిస్ట్రేషన్ లేకుండా 6 ఏళ్లలో థీసిస్ ముగించాలి కాబట్టి ఆగిన ప్రతి నెలా టెన్షన్ పెరుగుతుంది. ఈ ఆగిపోవడం వెనక కొన్ని అపోహలున్నాయి.

అపోహ: ఏం చెప్పాలో పూర్తిగా తేలాకే రాయడం మొదలుపెట్టాలి.

ఫలితాల అధ్యాయంలో ఏం చెప్పాలో రాస్తుంటేనే తేలుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటల్ని కూల్చేసింది. ఆ రైతుల ఆదాయం మీద థీసిస్ అనుకోండి. తుపానుకు ముందు, తర్వాత ఆదాయ మార్గాలు ఎలా మారాయో పట్టిక 4.3లో ఉంది. స్కాలర్ మొదటి వాక్యమే జర్నల్‌లో కనిపించే ఇంగ్లీషులో రాయబోతారు. కొట్టేస్తారు, మళ్లీ రాస్తారు. సాయంత్రానికి పేజీ ఖాళీగానే ఉంటుంది.

ఇలాంటప్పుడు పట్టిక మూసేసి, కవిటిలో ఉన్న చుట్టానికి చెప్పినట్టు తెలుగులోనే చిత్తుగా రాయమంటాను. అది ఇలా వస్తుంది:

"కొబ్బరి పోయాక కూలికి వెళ్లేవాళ్లు పెరిగారు, వలస వెళ్లినవాళ్లు కూడా [ఎంతమందో పట్టిక చూసి వెయ్యాలి]. జీడితోట కూడా ఉన్నవాళ్లు కాస్త నిలబడ్డారా? జీడిచెట్లు కూడా పడ్డాయి కదా [చూడాలి]. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, అంటే ఇది ఒక్క ఏడాది నష్టం కాదు [ఆధారం వెయ్యాలి]."

ఇందులో చివరి వాక్యమే ఆ అధ్యాయం వాదన. నష్టాన్ని పడిన చెట్ల లెక్కతో కాదు, ఆదాయం లేని ఏళ్లతో కొలవాలని అది చెబుతోంది. మధ్యలో వచ్చిన ప్రశ్నకు మరో పట్టిక కావాలి: జీడి ఉన్న కుటుంబాలు, లేని కుటుంబాలు వేరుచేసి చూడాలి. ఖాళీ పేజీ ముందు కూర్చుని ఆలోచిస్తే ఈ రెండూ తట్టేవి కావు.

చిత్తు రాసేటప్పుడు పుస్తకం తెరవకూడదు, స్పెల్లింగ్ దిద్దకూడదు. తెలియనిదంతా బ్రాకెట్లో పెట్టి ముందుకు వెళ్లాలి. తర్వాత వర్డ్‌లో Ctrl+F నొక్కి `[` అని వెతికితే మిగిలిన పనంతా వరసగా కనిపిస్తుంది. బ్రాకెట్లు నిండాకే ఇంగ్లీషు ప్రతి మొదలుపెట్టాలి: ముందు చెప్పదలచుకున్న మాట, ఆ వెంట అంకె, తర్వాత కారణం.

అపోహ: రోజంతా ఖాళీ దొరికితేనే రాయగలం.

మన దగ్గర చాలామంది స్కాలర్లు స్కూల్లోనో జూనియర్ కాలేజీలోనో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నారు. సెలవుల కోసం దాచిన రాత సెలవుల్లో జరగదు, ఎందుకంటే అప్పటికి పాత ఆలోచన తెగిపోయి ఉంటుంది. రోజుకు 200 పదాలు, లేదా ఒక పట్టికకు చిత్తు, ఇంతే పెట్టుకోండి. వారానికి 5 రోజులు రాసినా 1,000 పదాలు. 8,000 పదాల అధ్యాయానికి రెండు నెలల్లో చిత్తుప్రతి వస్తుంది.

ఒకరోజు తప్పితే ఆ 200 మర్నాటికి కలపొద్దు. 400, 600 అని పేరుకుంటే ఫైల్ తెరవడానికే భయమేస్తుంది. వారంలో మూడు రోజులు తప్పితే లక్ష్యం పెద్దదైందని అర్థం, సగానికి తగ్గించండి. దిద్దే రోజుల్లో పదాలు కాదు, నింపిన బ్రాకెట్లు లెక్కపెట్టండి. లేచే ముందు రేపటి మొదటి వాక్యం దేని గురించో ఒక ముక్క రాసిపెట్టండి.

అపోహ: కలం కదలకపోతే బద్ధకమే.

కొన్నిసార్లు రాయడానికి సమాచారమే ఉండదు. మిగతా బ్రాకెట్లు నిండుతూ, "[వలస ఎందుకు పెరిగింది?]" అన్నదొక్కటే వారం రోజులైనా అలాగే ఉంటే, మీ ప్రశ్నావళిలో ఆ ప్రశ్న లేదేమో చూడండి. లేకపోతే ఎన్ని పదాల లక్ష్యం పెట్టినా లాభం లేదు. మళ్లీ ఊరికి వెళ్లి నాలుగైదు కుటుంబాలతో మాట్లాడాలి. ఆ సంగతి గైడ్‌కు చెప్పండి, బ్రాకెట్లతో ఉన్న చిత్తునే చూపించండి. శుభ్రమైన కాపీ కోసం ఆగితే ఈ లోటు ఆర్నెల్లు ఆలస్యంగా బయటపడుతుంది.

అపోహ: చిత్తే కదా, ఎవరి వాక్యాలైనా తెచ్చి పెట్టుకోవచ్చు.

ఇది ప్రమాదం. రెండు నెలల తర్వాత ఏది మీ వాక్యమో, ఏది తెచ్చిందో మీకే గుర్తుండదు. యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం వరకే జరిమానా లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే థీసిస్ సవరించి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అందుకే ఇతరుల వాక్యం పెట్టిన క్షణంలోనే దానికి వేరే రంగు వేసి, పక్కనే రచయిత పేరు, పేజీ నంబరు రాయండి.