చట్టం సభది, రూల్ సెక్రటేరియట్‌ది: ఈ పద్ధతి ఎక్కణ్నుంచి వచ్చింది, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులోనే పార్లమెంటులో పాసైంది, రాష్ట్రపతి సంతకం కూడా అయిపోయింది, మరి అప్పట్నుంచే అమల్లోకి వచ్చేసిందా అంటే లేదు, రూల్స్ రాలేదు కాబట్టి ఆగిపోయింది. డ్రాఫ్ట్ రూల్స్ 2025 జనవరిలో బయటపెట్టారు, ఫైనల్‌వి 2025 నవంబర్‌లో వచ్చాయి, అందులోనూ కంపెనీల మీద పడే అసలు బాధ్యతలకి ఇంకో 18 నెలల గడువిచ్చారు. ఎందుకింత ఆలస్యం అంటే చట్టం చదివితే అర్థమవుతుంది. మీ డేటా లీకైతే కంపెనీ మీకూ, ఈ చట్టం కింద పెట్టే డేటా ప్రొటెక్షన్ బోర్డుకీ చెప్పి తీరాలి, ఇది చట్టంలో ఉంది. ఎన్ని గంటల్లో చెప్పాలి, ఏమేం చెప్పాలి అన్నది మాత్రం 'నిర్దేశించిన విధంగా' అని వదిలేశారు. బోర్డుకి పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి అన్న లెక్క రూల్స్‌లో వచ్చింది. అంటే రేపు ఒక కంపెనీ టైముకి చెప్పిందా లేదా అని తేల్చే ఆ 72 మీద పార్లమెంటులో ఓటింగ్ జరగలేదు, మినిస్ట్రీలో రాశారు.

దీన్నే డెలిగేటెడ్ లెజిస్లేషన్ అంటారు, సబార్డినేట్ లెజిస్లేషన్ అని కూడా వినే ఉంటారు. శాసనసభ చట్టం చేసి, వివరాలు రాసుకునే అధికారం ప్రభుత్వానికి అప్పజెప్పడం. వినగానే 'మనం ఓట్లేసింది ఎవరికి, రాస్తున్నది ఎవరు' అని కోపం వస్తుంది గానీ కందిపప్పు సంగతి చూడండి. 2023 జూన్‌లో కంది, మినప పప్పుల ధరలు పెరుగుతున్నాయని కేంద్రం స్టాక్ లిమిట్ పెట్టింది, హోల్‌సేల్ వ్యాపారి ఒక్కో పప్పు 200 టన్నులకి మించి ఉంచుకోకూడదని. సెప్టెంబర్‌కి దాన్ని 50 టన్నులకి తగ్గించేశారు. ఇదంతా 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద ఇచ్చిన ఆర్డర్లతోనే. 200 ని 50 చేయడానికి బిల్లు పెట్టి, రెండు సభల్లో చర్చ పెట్టి, గెజిట్ దాకా వెళ్ళాలంటే ఈలోపు సరుకు గోడౌన్లు మారిపోతుంది. ధర ఎప్పుడు ఎగురుతుందో చట్టం రాసేవాళ్ళకి ముందే తెలీదు కదా. కాబట్టి ఇవ్వకుండా కుదరదు. గొడవంతా ఎంత ఇవ్వాలి, ఇచ్చాక ఎవరు చూస్తారు అన్న దగ్గరే.

ఈ గొడవ మనకి కొత్తదేం కాదు, బ్రిటిష్ కాలంలో ఒక హత్య కేసుతో మొదలైంది. 1869లో చేసిన ఒక చట్టం గారో కొండల్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించింది, పక్కనున్న ఖాసీ, జయంతియా కొండలకి కూడా దీన్ని వర్తింపజేయొచ్చని బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్‌కి అధికారమిచ్చింది, ఆయన నోటిఫికేషన్ ఇచ్చేశాడు. అక్కడ హత్య కేసులో శిక్ష పడిన బురా అనే మనిషి, ఇంకొకతను కలిసి అప్పీలుకి వెళ్తే కలకత్తా హైకోర్టు మెజారిటీ 'చట్టం చేసే అధికారాన్ని ఇలా ఇంకొకరికి అప్పగించడం కుదరదు' అంది. 1878లో అప్పటి మన ఆఖరి అప్పీలు కోర్టు, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాన్ని తిరగేసింది, అసలు చట్టం సభే చేసింది, ఎప్పుడు ఎక్కడ వర్తించాలో మాత్రమే అధికారికి వదిలింది, అందులో తప్పులేదు అని. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం, డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్, బియ్యం దగ్గర్నుంచి బట్ట దాకా కంట్రోల్ ఆర్డర్లు. యుద్ధం అయిపోయినా అలవాటు పోలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో బీహార్ కేసులో, సుప్రీంకోర్టు రాకముందు ఢిల్లీలో ఉన్న ఫెడరల్ కోర్టు ఒక పబ్లిక్ ఆర్డర్ చట్టాన్ని నోటిఫికేషన్‌తో పొడిగించుకోవడం చెల్లదనేసరికి అందరికీ భయం పట్టుకుంది, ఎందుకంటే ఢిల్లీ లాంటి చోట్ల సగం చట్టాలు అలా తెచ్చిపెట్టుకున్నవే. 1912 ఢిల్లీ లాస్ చట్టం ప్రకారం బ్రిటిష్ ఇండియాలో ఎక్కడున్న చట్టాన్నైనా ప్రభుత్వం మార్పులు చేసి మరీ ఢిల్లీకి తెచ్చుకోవచ్చు. ఇవి నిలుస్తాయా అని రాష్ట్రపతి సుప్రీంకోర్టునే అడిగారు. 1951లో ఏడుగురు జడ్జిలు కూర్చుని ఏడు వేరువేరు అభిప్రాయాలు రాశారు, లా స్టూడెంట్లు ఇప్పటికీ తిట్టుకుంటూ చదువుతారు. అన్నీ కలిపి వడగడితే మిగిలేది ఇది: పాలసీ ఏంటో సభే తేల్చాలి, అది వదిలేయడానికి వీల్లేదు, పాలసీ తేల్చాక దాన్ని నింపే వివరాలు ప్రభుత్వానికి ఇవ్వొచ్చు. ఉన్న చట్టాన్ని రద్దు చేసే అధికారం మాత్రం నోటిఫికేషన్‌కి ఇవ్వకూడదు అన్నారు.

వినడానికి బాగానే ఉంది గానీ ఆ గీత ఎక్కడుంటుందో కనబడే కేసు పాండిచ్చేరిది. మన యానాం కూడా పాండిచ్చేరిలో భాగమే కాబట్టి ఇది అక్కడి షాపుల గొడవ కూడా. 1965లో పాండిచ్చేరి అసెంబ్లీ సేల్స్ టాక్స్ చట్టం చేసింది, చేసింది అంటే సొంతంగా పెద్దగా ఏం రాయలేదు, 1959 మద్రాస్ సేల్స్ టాక్స్ చట్టమే ఇక్కడా వర్తిస్తుంది అంది. అక్కడితో ఆగితే ఇబ్బంది లేకపోయేది, వేరే రాష్ట్రం చట్టాన్ని తెచ్చుకోవడం మామూలే. కానీ రాసిన మాటలు ఏంటంటే, ఈ చట్టం అమల్లోకి వచ్చే రోజుకి ముందు మద్రాస్‌లో అది ఎలా ఉంటే అలా వర్తిస్తుంది, ఆ అమలు తేదీ ప్రభుత్వం నోటిఫికేషన్‌లో చెబుతుంది అని. ప్రభుత్వం తాపీగా 1966 ఏప్రిల్ 1 అని తేదీ వేసింది. ఈ మధ్యలో మద్రాస్ అసెంబ్లీ తన చట్టాన్ని సవరించుకుంది. అంటే పాండిచ్చేరి ఎమ్మెల్యేలు ఓటేసిన నాటి చట్టం ఒకటి, జనం నెత్తిన పడింది ఇంకొకటి, ఆ సవరణలు పాండిచ్చేరి సభ కనీసం చూడలేదు.

రిజిస్టర్ చేసుకోమని నోటీసు అందుకున్న శామారావు అనే వ్యాపారి సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. కేసు నడుస్తుండగానే పాండిచ్చేరి సభ కంగారుపడి ఇంకో చట్టం చేసి పాతదాన్ని వెనక తేదీ నుంచి బతికించాలని చూసింది. 1967లో తీర్పొచ్చింది, అప్పటి చీఫ్ జస్టిస్ మన తెలుగాయన కోకా సుబ్బారావు ఆ బెంచీలో ఉన్నారు, మెజారిటీ వైపు. ఇది అధికారం అప్పగించడం కాదు, సభ తన పనిని పూర్తిగా వదిలేసుకోవడం, పుట్టుకతోనే చచ్చిన చట్టాన్ని సవరణతో బతికించలేరు అని మెజారిటీ తేల్చేసింది. ఇద్దరు జడ్జిలు ఒప్పుకోలేదు, అది కూడా చెప్పాలి. నాకైతే మెజారిటీ మాటే సబబనిపిస్తుంది, పన్ను వేసేటప్పుడు ఏ పన్నో చదవకుండా చెయ్యెత్తకూడదు కదా.

కానీ ఇలా కొట్టేసిన సందర్భాలు తక్కువ, చాలా కేసుల్లో చట్టం ముందుమాటలోనో ఎక్కడో పాలసీ కనబడుతోందిలే అని కోర్టులు సరిపెట్టుకుంటాయి. అందుకే ఎంత ఇచ్చారు అన్నదాని కన్నా, ఇచ్చాక చేసిన రూల్‌ని ఎవరు చూస్తున్నారు అన్నదే అసలు విషయం అయిపోయింది.

మొదటిది, రూల్ బయటికి చెప్పాలి. 1951లోనే హర్లా కేసులో ఇది తేలింది. జైపూర్ సంస్థానంలో 1923లో మంత్రుల కౌన్సిల్ నల్లమందు చట్టం అని ఒక తీర్మానం చేసి ఊరుకుంది, ఎక్కడా అచ్చువేయలేదు, చాటలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత హర్లా దగ్గర పరిమితికి మించి నల్లమందు దొరికిందని 50 రూపాయల జరిమానా వేశారు. సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది, జనానికి తెలియజేయని చట్టంతో జనాన్ని శిక్షించడం న్యాయం కాదని. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలు వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసినప్పుడు హైకోర్టు దాకా వెళ్ళిన గొడవకి మూలం ఇలాంటి ఆలోచనే, తర్వాత ఈ-గెజిట్ అన్నారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ పాత సైట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. ప్రతి జీవో రూల్ కాదండోయ్, బదిలీలకీ నిధులకీ ఇచ్చేవి మామూలు పరిపాలన ఉత్తర్వులు. ఫలానా చట్టం ఫలానా సెక్షన్ కింద ఉన్న అధికారంతో అని మొదలయ్యే నోటిఫికేషన్ ఉంటే అప్పుడు అది రూల్, దాన్ని ఆ సెక్షన్ పక్కన పెట్టుకుని చదవాలి.

రెండోది, సభ ముందు పెట్టాలి. కేంద్ర చట్టాల్లో చివరి సెక్షన్ల దగ్గర ఒకే రకం పేరా ఉంటుంది, రూల్ చేశాక ప్రతి సభ ముందు మొత్తం 30 రోజులు ఉంచాలి, రెండు సభలూ ఒప్పుకుంటే మార్చొచ్చు, రద్దు చేయొచ్చు. చూడండి, రూల్ ముందే అమల్లోకి వచ్చేసి ఉంటుంది, రద్దు చేసినా అప్పటిదాకా జరిగింది చెల్లుతుంది. పైగా 1979లో అట్లాస్ సైకిల్ కేసులో సుప్రీంకోర్టు, అసలు సభ ముందు పెట్టకపోయినా ఆ ఉత్తర్వు చెల్లకుండా పోదు అంది, ఎందుకంటే పెట్టకపోతే ఏమవుతుందో ఆ చట్టంలో రాయలేదు. 2012లో రాజ్యసభలో, ఆన్‌లైన్ కంటెంట్ మీద ఐటీ చట్టం కింద చేసిన ఐటీ రూల్స్‌ని రద్దు చేయాలని ఒక ఎంపీ తీర్మానం పెడితే మంచి చర్చే జరిగింది, తీర్మానం నెగ్గలేదు. రూలింగ్ పార్టీకి మెజారిటీ ఉండగా తన మంత్రి రాసిన రూల్‌ని తనే కొట్టేసుకుంటుందా చెప్పండి.

అసలు పని జరిగేది కమిటీలో. లోక్‌సభలో సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ 1953లో వచ్చింది, 15 మంది సభ్యులు, మంత్రులు ఉండరు. రూల్ చట్టం దాటిపోయిందా, చట్టం అనుమతి లేకుండా పన్ను వేసిందా, వెనక తేదీ నుంచి అమలు చేసిందా, ఇలాంటివి చూస్తుంది. చట్టం వచ్చాక ఆరు నెలల్లో రూల్స్ చేయాలి, లేదంటే గడువు అడగాలి అన్న లెక్కా ఇక్కడిదే. పౌరసత్వ సవరణ చట్టం 2019 డిసెంబర్‌లో పాసైతే రూల్స్ 2024 మార్చి 11న వచ్చాయి, మధ్యలో హోం శాఖ గడువు మీద గడువు అడుగుతూనే ఉంది. కమిటీ అడగగలదు, రిపోర్టులో చీవాట్లు పెట్టగలదు, అంతకుమించి రూల్‌ని తనంతట తను కొట్టేయలేదు.

కాబట్టి చివరికి అందరూ వెళ్ళేది కోర్టుకే, రూల్ తల్లి చట్టాన్ని దాటిందని. 2023 ఏప్రిల్‌లో ఐటీ రూల్స్ సవరించి, కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల గురించి ఏది ఫేక్ అనేది ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ యూనిట్టే గుర్తిస్తుంది అన్నారు. స్టాండప్ కమెడియన్ కునాల్ కామ్రా, ఇంకొందరు బాంబే హైకోర్టుకి వెళ్తే 2024 జనవరిలో ఇద్దరు జడ్జిలు చెరోమాట చెప్పారు. మార్చి 20న కేంద్రం యూనిట్‌ని నోటిఫై చేసింది, మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది, సెప్టెంబర్‌లో మూడో జడ్జి రూల్ చెల్లదన్నారు, రాజ్యాంగానికీ విరుద్ధం, ఐటీ చట్టం ఇచ్చిన అధికారానికీ మించిపోయింది అని. సవరణ వచ్చిన దగ్గర్నుంచి లెక్కేస్తే ఏడాదిన్నర పట్టింది. ఆ టైములో 30 రోజుల పేరా ఆ రూల్స్‌కీ ఉంది, ఎంపీలందరికీ అందుబాటులోనే ఉంది.